జుట్టు తడవని బ్యాచ్

ఈతకొలను కంటే ముందు దాని కంపు ఎదురొచ్చింది. ట్రైనింగ్ సెంటర్ వెనకున్న రేకుల షెడ్డు దాటగానే బ్యాచ్ మొత్తం ఒక్కసారి ఆగిపోయింది. ముందున్నవాళ్ళు చేతిరుమాళ్ళు తీశారు, వెనకున్నవాళ్ళు ఏమైందని మెడలు చాచారు.

నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. తేటగా ఉండే పచ్చదనం కాదది, పెరటి తొట్టిని ఏడాది పాటు వదిలేస్తే పట్టే నాచు రంగు. అంచుల్లో జిడ్డు నురగ తేలుతోంది. ఒక మూల కలుపు మొక్కల మధ్య రబ్బరు చెప్పు ఒకటి, దాని పక్కన పొట్ట ఉబ్బిన కప్ప ఒకటి వెల్లకిలా పడి ఉన్నాయి. నీళ్ళని శుద్ధి చేసే పంపు ఎప్పుడో పాడైంది. దాని మూత మీద ఎవరో టీ గ్లాసులు పెట్టి మర్చిపోయారు.

"ఇందులోకా దూకాలి?" అన్నాడు పిచ్చుక పక్కనున్న కుర్రాడు. ఎంత ఎండలోనైనా దువ్విన క్రాపు చెదరదని, సెంటు వాసన పోదని బ్యాచ్ అంతా అతన్ని హీరో అని పిలిచేది.

పిచ్చుక ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆమెకా పేరు అక్క పెట్టింది. చిన్నప్పుడు సన్నగా ఉండి, ఒకచోట నిలవకుండా తిరిగేదని అలా పిలిచింది. అమ్మానాన్నా పోయాక అక్క ఇంట్లోనే పెరిగింది. ఆసుపత్రి క్యాంటీన్లో వందల మందికి వండే పొయ్యిల దగ్గర ఆరేళ్ళు పనిచేసి, ఒక సరుకుల ఓడ కంపెనీ ఇంటర్వ్యూలో వంటమనిషికి సహాయకురాలిగా ఎంపికైంది. పాస్‌పోర్టు వచ్చింది. ఓడ ఉద్యోగులకిచ్చే సీమన్ బుక్ వచ్చింది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఆ పసుపు రంగు పుస్తకం తెచ్చుకుంది. ఇక మిగిలింది ఓడ ఎక్కబోయే కొత్తవాళ్ళంతా చెయ్యాల్సిన బేసిక్ సేఫ్టీ ట్రైనింగ్, ఆ తర్వాత కంపెనీ డాక్టరు చేసే వైద్య పరీక్ష.

ట్రైనింగ్‌కి ఈ సెంటర్‌లోనే చేరమని పట్టుబట్టింది బావ. ఆయన ఇక్కడ ఆఫీసు మేనేజరు. "ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా మందు వెతుక్కుంటావా?" అన్నాడు. అక్క కూడా సరేనంది.

నిజం చెప్పాలంటే తరగతి గదిలో పాఠాలు బాగానే జరిగాయి. ప్రథమ చికిత్స చెప్పిన నర్సు, బొమ్మ ఛాతీ మీద ఎంత లోతుగా నొక్కాలో ప్రతివాళ్ళ చేతా చేయించింది. మంటలార్పడం వేరే మైదానంలో నేర్పారు. పొగ నింపిన గదిలో గాలి సిలిండరు వీపుకి కట్టుకుని, గోడ తడుముకుంటూ పాకి బయటపడినప్పుడు పిచ్చుకకి మొదటిసారి ధైర్యం వచ్చింది. ఇక మిగిలింది నీళ్ళు. ఆమెకి ఈత రాదు. అందుకే ఈ రోజు కోసం ఒకపక్క భయపడుతూ, ఒకపక్క ఎదురుచూస్తూ వచ్చింది.

బావ ఫైలు చంకన పెట్టుకుని షెడ్డులోంచి వచ్చాడు. నుదుటి చెమట తుడుచుకుంటూ, పెళ్ళివారిని పలకరించినట్టు నవ్వాడు.

"చూడండమ్మా, చూడండి బాబూ. పంపు రిపేరుకి ఇచ్చాం. మీ ఆరోగ్యం మాకు ముఖ్యం. కాబట్టి దూకక్కర్లేదు. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకుని కొలను గట్టు మీద నిలబడండి, ఫోటో తీస్తారు. ఆ గాలి పడవ, అదే రాఫ్ట్, దాని పక్కన ఇంకో ఫోటో. తర్వాత సంతకాలు పెట్టి వెళ్ళిపోవచ్చు. సర్టిఫికెట్లు మీ ఇంటికే వస్తాయి."

బ్యాచ్‌లో ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. హీరో జేబులోంచి దువ్వెన తీశాడు.

దూకడం నేర్పాల్సిన మాస్టారి వైపు చూసింది పిచ్చుక. ఆయన ఒకప్పుడు ఓడ డెక్కు మీద సరంగు, అంటే పనివాళ్ళకి పెద్ద. రిటైరై ఇక్కడ చేరాడు. తల వంచుకుని నేల మీద తాడు ముక్కని కాలితో తిప్పుతున్నాడు.

"మాస్టారూ, దూకకపోతే నేర్చుకున్నట్టేనా?" అని అడిగింది.

ఆయన నీళ్ళు నమిలాడు. "అదీ... వాళ్ళు చెప్పినట్టు కానిద్దామమ్మా."

"ఓడ మునిగితే గట్టు మీద నిలబడి ఫోటో దిగమంటారా మరి?"

నవ్వులు వినిపించాయి. బావ ముఖం మాడిపోయింది. "పిచ్చుకా, ఇక్కడ నాటకాలొద్దు" అన్నాడు పళ్ళ బిగువున.

"నాకు ఈత రాదు బావా. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటాను? నేను దూకుతాను."

మాస్టారు తలెత్తి ఆమెని చూశాడు. ఏమనుకున్నాడో, చొక్కా విప్పి గోడకి తగిలించాడు. "ఒక్కదాన్ని ఎలా దింపుతాను? నేనూ వస్తా పద" అన్నాడు.

ఆమెకి లైఫ్ జాకెట్ తొడిగించి ఎత్తైన దిమ్మ మీద నిలబెట్టాడు. ఒక చేత్తో ముక్కూ నోరూ మూసుకుని, రెండో చెయ్యి దాని మీదుగా వేసి జాకెట్‌ని కిందికి నొక్కి పట్టుకోమన్నాడు. కిందికి చూడొద్దు, ఎదురుగా చూడు, కాళ్ళు దగ్గరగా పెట్టి ఒక అడుగు ముందుకెయ్యి, అంతే అన్నాడు. ఆమె అడుగేసింది.

నీళ్ళు గోరువెచ్చగా తగిలాయి. అదే అన్నిటికంటే అసహ్యం అనిపించింది. చల్లగా ఉంటే నీళ్ళే అనుకునేది, ఇది ఎవరి నోట్లోనో పడ్డట్టుంది. జాకెట్ ఆమెని పైకి లాగేసింది. చెవుల్లో జిగట, కనురెప్పల మీద నాచు, పెదాల మీద చేదు. వాంతి గొంతు దాకా వచ్చి ఆగింది.

"ఉమ్మెయ్, మింగకు" అన్నాడు మాస్టారు పక్కనే తేలుతూ. "ఇప్పుడు మోకాళ్ళు గుండెలకి ముడుచుకో. చేతులు దగ్గరికి. ఒంట్లో వేడి బయటికి పోకూడదు. అలా తేలు."

తర్వాత బోర్లాపడిన రాఫ్ట్‌ని తిప్పించాడు. దాన్ని ఉబ్బించే గ్యాస్ సిలిండరు ఉన్న వైపు అంచు మీదికెక్కి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగాలి. మొదటిసారి జారింది. అడుగు మీది జిగట ముఖానికి పులుముకుంది. రెండోసారీ జారింది. మూడోసారి రాఫ్ట్ లేచి ఆమె మీదే బోర్లాపడింది. దాని కిందనుంచి వెల్లకిలా, చేతులతో తోసుకుంటూ బయటికొచ్చింది, ఆయన నేర్పినట్టే. చివరికి చేతుల బలంతో లోపలికి పాకి పడుకుని ఆకాశం చూస్తూ నవ్వింది. ఒళ్ళంతా కంపుకొడుతోంది, అయినా నవ్వొచ్చింది.

గట్టు మీద మిగతావాళ్ళు నారింజ రంగు జాకెట్లలో వరసగా నిలబడి ఫోటో దిగుతున్నారు. "దగ్గరికి రాకు తల్లీ" అన్నాడు హీరో ముక్కు మూసుకుని. "మురిక్కాలవలోంచి తేలినట్టున్నావు."

ఇంటికెళ్ళి మూడుసార్లు సబ్బు పెట్టుకుంది. వాసన పోలేదని నాలుగోసారి స్నానాల గదిలోకి వెళ్ళబోతే అక్క అడ్డుపడింది. "నీళ్ళు ఊరికే వస్తున్నాయా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అందరితో పాటు ఫోటో దిగి రావచ్చుగా!"

చెవి దురద అక్కడ మొదలైంది. తర్వాత పోటు. ఆ తర్వాత ఒక ఉదయం తలగడ మీద పసుపు పచ్చని మరక. వేలు పెట్టి వాసన చూస్తే అదే కొలను కంపు, ఇప్పుడు తన ఒంట్లోంచే వస్తోంది. దేహం మీద అంత రోత ఆమెకి ఎప్పుడూ కలగలేదు.

"మెడికల్ ఎల్లుండే కదా. దూది పెట్టి, జుట్టు మీదికి వేసుకో. డాక్టర్లు అన్నీ చూస్తారా ఏంటి?" అన్నాడు బావ, ప్లేటులోంచి తల ఎత్తకుండా.

కంపెనీ డాక్టరమ్మ అన్నీ చూసేరకమే. కళ్ళు, గుండె, రక్తపోటు, ఎక్స్‌రే, రక్తం, మత్తుమందులు వాడుతున్నారేమో తెలుసుకోడానికి మూత్రం, వంటపని కాబట్టి మలపరీక్ష, అన్నీ రాయించింది. వినికిడి పరీక్ష చేసే గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టబోయి ఆగింది. ముక్కుపుటాలు కదిలాయి. దూది తీసి, సన్నని లైటు చెవిలోకి వేసి చూసి, చేతి తొడుగులు చెత్తబుట్టలో పడేసింది.

"ఎక్కడ పట్టింది ఇది?"

"ట్రైనింగ్ కొలనులో, మేడమ్."

"ఏ కొలను? కాలవా?"

పిచ్చుక చెప్పింది. పచ్చనీళ్ళు, కప్ప, పంపు, అన్నీ. డాక్టరమ్మ వింటున్నంతసేపూ పెదవులు బిగించుకునే ఉంది.

"చూడమ్మా, చీము కారే చెవితో ఓడ వంటగదిలోకి నిన్ను పంపలేను. అక్కడ అందరూ నీ చేతి తిండే తినాలి. నడి సముద్రంలో ఒకరికి జబ్బు చేస్తే పరుగెత్తడానికి ఆసుపత్రి ఉండదు. ప్రస్తుతానికి అన్‌ఫిట్ అని రాస్తున్నాను. కంగారు పడకు, ఇది ఎప్పటికీ ఉండేది కాదు. మందు వేసుకుని, పూర్తిగా ఆరాక రా. వినికిడి అప్పుడు చూస్తాను."

"ఓడ వచ్చే వారమే బయల్దేరుతుంది మేడమ్."

"ఓడలు మళ్ళీ వస్తాయి. చెవులు రావు."

కంపెనీ ఎదురుచూడలేదు. ఓడకి వంట సహాయకుడు కావాలి, రిజర్వు జాబితాలో ఉన్నవాణ్ణి పిలిచారు. వాడెవరో కాదు, హీరో. ఆమె చోట కాంట్రాక్టు మీద సంతకం పెట్టి బయటికొస్తూ కంపెనీ మెట్ల మీద ఎదురుపడ్డాడు. సెంటు గుప్పుమంది.

"ఏమీ అనుకోకు. లోకంతో పాటు పోవాలి" అన్నాడు. పాపం, అతని గొంతులో ఎగతాళి లేదు, జాలే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో బావని నిలదీసింది. "ఆ పంపు రిపేరుకి ఎప్పుడిచ్చారు బావా?"

"ఇచ్చారులే ఎప్పుడో."

"మా ముందు బ్యాచ్ దూకిందా?"

ఆయన టీవీ శబ్దం పెంచాడు.

"దాని ముందు బ్యాచ్?"

"ఏంటే నీ గోల?" బావ విసుక్కున్నాడు. "ఓడలెక్కేవాళ్ళకి కావలసింది సర్టిఫికెట్. మేం ఇస్తున్నాం. వాళ్ళు సంతోషంగా వెళ్తున్నారు. ఎంతమంది ఓడలు మునిగి చచ్చారు చెప్పు? ఉన్న ఈ కాస్త తిండీ ఆ సెంటర్ పెట్టిందే. నువ్వు తిన్నదీ అదే."

అక్క వంటింటి గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయింది. బావ మాటకి పిచ్చుక ఆ పూట తినలేకపోయింది. ఇంట్లో గిన్నెలు, కంచాలు, గోడ మీది కొత్త సున్నం, అన్నిటి మీదా ఆ నాచే పేరుకున్నట్టు అనిపించింది.

మర్నాడు నౌకాయాన శాఖ ఆఫీసుకి వెళ్ళింది. శిక్షణ సంస్థలకి అనుమతులిచ్చేది వాళ్ళే. కళ్ళజోడు పెట్టుకున్న నడివయసు ఆఫీసరు ఆమె చెప్పిందంతా విని, కంప్యూటర్‌లో ఆ బ్యాచ్ ఫోటోలు తీసి చూశాడు.

"దూకి వచ్చామని పంపిన ఫోటో ఇది" అన్నాడు స్క్రీన్ ఆమె వైపు తిప్పి. "ఒక్కడి జుట్టూ తడవలేదు. ఈ అబ్బాయికైతే పాపిడి కూడా చెదరలేదు."

"మరి ఎలా ఒప్పుకున్నారు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎవరూ చూడలేదమ్మా. అది మా తప్పు." తర్వాత సూటిగా అన్నాడు. "ఒకటి చెప్తాను, బాగా ఆలోచించుకో. తనిఖీలో నిజమని తేలితే ఆ బ్యాచ్ సర్టిఫికెట్లన్నీ రద్దవుతాయి. నీది కూడా."

"నేను దూకాను సార్!"

"దూకావు. నేను నమ్ముతాను. కానీ సర్టిఫికెట్ ఇచ్చింది ఆ సంస్థే కదా. దాని మాటే చెల్లదన్నప్పుడు, నీ ఒక్కదాని విషయంలో ఎలా చెల్లుతుంది? మళ్ళీ మొదటినుంచీ వేరేచోట చెయ్యాలి."

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నీట ముంచినా పాల ముంచినా మీదే భారం అంటారు పెద్దలు. తనని ఎవరూ పాలలో ముంచే సూచనలు లేవు. నోరు మూసుకుంటే చెవి ఆరేసరికి ఇంకో ఓడ దొరుకుతుంది, చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. అక్క ఇల్లు నిలబడుతుంది. కానీ ఆ ఓడలో తన పక్కన నిలబడేవాళ్ళు? రాఫ్ట్ బోర్లాపడితే పట్టీ ఎక్కడుంటుందో తెలియనివాళ్ళు? గట్టు మీద ఫోటో దిగినవాళ్ళు? వాళ్ళతో పాటు తానూ పోతుంది. ఆ ఆలోచనలో ధైర్యమేమీ లేదు, ఒట్టి వెగటు. లేచి లోపలికి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది.

తనిఖీకి వచ్చిన రోజు ఆమెనీ రమ్మన్నారు. అధికారులు మొదట చెయ్యమన్న పని కొలను ఖాళీ చెయ్యడం. నీళ్ళు దిగేకొద్దీ గోడల మీది నాచు చర్మంలా వేలాడింది. అడుగున మోకాలి లోతు బురద. అందులోంచి చెప్పులు, తుప్పుపట్టిన కుర్చీ, ప్లాస్టిక్ సంచులు, చీకిపోయిన లైఫ్ జాకెట్, చివరికి తోకతో సహా ఒక పెద్ద ఎలుక బయటపడ్డాయి. సంస్థ యజమాని ముక్కుకి టై అడ్డం పెట్టుకుని, "ఎవరో కావాలని వేశారు" అన్నాడు. బావ షెడ్డు వెనక్కి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. ఇన్నేళ్ళూ రోజూ దాని పక్కనే టీ తాగినవాడు.

మాస్టారిని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఒక్క పిల్ల దూకింది. మిగతావాళ్ళ కాళ్ళు కూడా తడవలేదు. సంతకాలు మాత్రం నావే." ఆ చివరి మాట ఆయన గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు.

సంస్థ అనుమతి ఆగిపోయింది. సర్టిఫికెట్లు రద్దయ్యాయి. హీరోని తర్వాతి రేవులో దింపి కంపెనీ వెనక్కి పంపేసింది. బావ ఉద్యోగం పోయింది. అక్క రెండు మాటలే అంది. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టావు. ఇక నీ దారి నువ్వు చూసుకో." పిచ్చుక సంచి సర్దుకుని పనిచేసే ఆడపిల్లల హాస్టల్లో చేరింది. కొన్నాళ్ళు మళ్ళీ ఆసుపత్రి క్యాంటీన్లో పనిచేసింది, పాత్రలు కడగడానికి మాత్రమే. చెవి పూర్తిగా ఆరేదాకా తిండి ముట్టుకోనివ్వలేదు. ఆమె కూడా అడగలేదు.

రెండో ట్రైనింగ్ సెంటర్లో కొలను అడుగున పలకల గీతలు కనిపిస్తున్నాయి. క్లోరిన్ వాసనకి ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది. అదే వరసలో, చెదరిన క్రాపుతో, హీరో నిలబడి ఉన్నాడు. ముందు ఆమెని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"నీ వల్ల ఊళ్ళో నవ్వులపాలయ్యాను" అన్నాడు కాసేపాగి.

"తెలుసు."

"ఓడలో బోటు డ్రిల్ పెట్టారు. నన్ను రాఫ్ట్ గురించి అడిగారు. ఒక్క ముక్క చెప్పలేకపోయాను. చీఫ్ ఆఫీసరు నా వైపు చూసిన చూపు..." మాట మింగేశాడు. దిమ్మ మీదికి వెళ్ళి చాలాసేపు నిలబడిపోయాడు.

"కిందికి చూడకు" అంది పిచ్చుక వెనకనుంచి. "ముక్కూ నోరూ మూసుకో. జాకెట్ నొక్కి పట్టుకో. ఒక్క అడుగు వెయ్యి, అంతే."

దూకాడు. పైకి తేలి, కళ్ళు తుడుచుకుంటూ బూతొకటి తిట్టాడు. అది ఎవర్ని తిట్టాడో ఆమె అడగలేదు.

డాక్టరమ్మ ఈసారి చెవిలో లైటు వేసి, వినికిడి పరీక్ష చేసి, ఫిట్ అని రాసింది. కంపెనీవాళ్ళు కొత్త సర్టిఫికెట్ల నంబర్లు ఒక్కొక్కటీ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నారు. పాస్‌పోర్టు, సీమన్ బుక్, టీకా పుస్తకం, మెడికల్, అన్నీ వరసలో పెట్టి కాంట్రాక్టు ఆమె ముందుకు జరిపారు. మొత్తం చదివే సంతకం పెట్టింది. ఒక ప్రతీ, ఓడ ఆగి ఉన్న రేవుకి విమానం టికెట్టూ ఆమెకిచ్చారు.

బయట వరండాలో కొత్తగా ఎంపికైన కుర్రాళ్ళు బెంచీల మీద కూర్చున్నారు. వాళ్ళ మధ్య తెలిసిన గొంతు వినిపించింది. బావ. తెల్లచొక్కా, కొత్త బూట్లు, చేతిలో రంగురంగుల పాంప్లెట్ల కట్ట. ఆమెని చూడగానే ఏమీ జరగనట్టు ముఖమంతా నవ్వు పులుముకున్నాడు.

"మా పిచ్చుకే! ఓడెక్కేస్తోంది" అని కుర్రాళ్ళకి చెప్పాడు. ఆమెని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. మీ అక్కకి కూడా కోపం తగ్గింది. నేనిప్పుడు కొత్త సెంటర్లో చేరాను. ఇక్కడసలు గొడవే లేదు. కొలనే లేదు! అద్దె కొలనులో చేయించినట్టు కాగితాలు చూపిస్తారు. నాచూ లేదు, కంపూ లేదు, ఎవరి చెవీ పాడవదు. నీ మాటగా చెప్పి ఇద్దర్ని పంపించవా?"

పిచ్చుక ఆయన ముఖం చూసింది. ఎక్కడా సిగ్గు లేదు. ఇన్నాళ్ళూ ఆయన దేనికి వాంతి చేసుకున్నాడోనని అప్పుడప్పుడూ అనుకునేది, కొంచెం జాలిపడేది కూడా. ఎలుకని చూసి చేసుకున్నాడన్నమాట, అంతే.

"ఒకటివ్వు బావా" అంది చెయ్యి చాచి.

ఆయన మురిసిపోయి రెండిచ్చాడు. ఆమె ఒకటి వెనక్కిచ్చేసి, రెండోదాన్ని తిప్పి చూసింది.

"ఈ అడ్రసు సరైనదేనా?"

"సరైనదే. ఎందుకూ?"

"ఫిర్యాదులు తీసుకునే ఆఫీసరు ముందు అడ్రసే అడుగుతాడు" అంది. ఆయన నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. ఆమె మెట్లు దిగి, శాఖ ఆఫీసు వైపు నడిచింది. విమానానికి ఇంకా చాలా టైముంది.